చిన్న గదికి సీలింగ్ ఫ్యాను: గది కొలత, గాలి, వాట్లు, మోటారు చూసి బ్రాండు ఎంచుకునే పద్ధతి

ఫ్యాను కొనడానికి వెళ్తే దుకాణదారుడు మొదట అడిగేది ఏ కంపెనీ కావాలని. చిన్న గది విషయంలో ఆ ప్రశ్నకు జవాబు చివరన రావాలి. గదిలో ఎంత పొడవు రెక్కలు తిరగగలవో ముందు తేలాలి, ఆ కొలతలో ఎంత గాలి కావాలో తర్వాత చూడాలి, ఆ గాలికి ఎన్ని వాట్లు ఖర్చవుతున్నాయో ఆ తర్వాత లెక్క వేయాలి. ఈ మూడూ తేలాక మోటారు రకం దాదాపు దానంతట అదే నిర్ణయమవుతుంది, బ్రాండు పేర్లు రెండు మూడుకు తగ్గిపోతాయి. ఒకే కంపెనీ ఒక స్టారు ఫ్యానూ అమ్ముతుంది, ఐదు స్టార్ల ఫ్యానూ అమ్ముతుంది కాబట్టి, ఫలానా కంపెనీ ఫ్యాను కరెంటు తక్కువ తింటుందని మోడలు పేరు లేకుండా చెప్పే మాటకు అర్థం లేదు.

ఉదాహరణకు పది అడుగులకు తొమ్మిది అడుగుల పడకగదిని తీసుకుందాం. శ్లాబు తొమ్మిదిన్నర అడుగుల ఎత్తున ఉంది. పది అడుగుల పొడవులో ఒక చివర రెండు అడుగుల వెడల్పు లాఫ్ట్ ఉంది, దాని మీద పెట్టెలు, పరుపులు, వాడని గిన్నెలు శ్లాబు దాకా ఉన్నాయి. పాత 1200 మిల్లీమీటర్ల ఫ్యాను గది నడిమధ్య కొక్కేనికి వేలాడుతోంది. మన ఊళ్లలో అద్దెకు దొరికే రెండు గదుల ఇళ్లలో ఇలాంటి పడకగది చాలా చోట్ల కనిపిస్తుంది.

1. ముందు టేపుతో కొలవండి

ఫ్యాను పెట్టె మీద 900, 1050, 1200 అని రాసి ఉండేది రెక్కల చివరలు తిరిగే వృత్తం వ్యాసం, మిల్లీమీటర్లలో. దీన్నే స్వీప్ అంటారు. 900 అంటే సుమారు మూడు అడుగులు, 1050 అంటే మూడున్నర, 1200 అంటే నాలుగు. రెక్క చివరకూ గోడకూ మధ్య కనీసం అడుగున్నర ఖాళీ ఉండాలి. అంతకన్నా తగ్గితే కిందికి దిగిన గాలి గోడ వెంట పైకి వెళ్లి మళ్లీ రెక్కల్లోకే చేరుతుంది. ఫ్యాను శబ్దం పెరుగుతుంది, మంచం మీదికి చేరే గాలి తగ్గుతుంది.

గది పొడవు వెడల్పులను నేల మీద కొలిచి ఊరుకోకండి, రెక్కలు తిరిగే ఎత్తులో కొలవండి. లాఫ్ట్ సాధారణంగా ఏడు అడుగుల ఎత్తున, తలుపు పైకమ్మీకి సమంగా ఉంటుంది. ఫ్యాను రెక్కలు ఎనిమిది అడుగుల పైన తిరుగుతాయి. అంటే రెక్కలకు ఎదురుగా ఉండేది లాఫ్ట్ మీది సామానే. మన ఉదాహరణలో నేల మీద గది పది అడుగులున్నా ఫ్యానుకు మిగిలింది ఎనిమిది అడుగులే. పైగా కొక్కెం పది అడుగులకు నడిమధ్య ఉంది కాబట్టి అటు గోడ ఐదు అడుగుల దూరంలో ఉంటే, ఇటు సామాను మూడు అడుగుల దూరంలోనే ఉంది. 1200 ఫ్యాను వ్యాసార్ధం రెండు అడుగులు, అది పోగా పెట్టెలకూ రెక్కకూ మధ్య అడుగే మిగులుతుంది. 900 ఫ్యానైతే అడుగున్నర మిగులుతుంది. 1050కి అడుగూ మూడు అంగుళాలు.

ఎత్తు కూడా చూడండి. రెక్కలు నేలకు కనీసం 2.4 మీటర్ల పైన, అంటే దాదాపు ఎనిమిది అడుగుల ఎత్తున ఉండాలి. శ్లాబుకూ రెక్కలకూ మధ్య కనీసం 300 మిల్లీమీటర్లు, అంటే ఒక అడుగు, ఖాళీ ఉండాలి. ఫ్యాను గాలిని పైనుంచి లాక్కుని కిందికి తోస్తుంది, పైన చోటు లేకపోతే లాక్కోవడానికి గాలి ఉండదు. తొమ్మిదిన్నర అడుగుల గదిలో అడుగు రాడ్డుతో ఈ రెండు షరతులూ తీరుతాయి. ఫాల్స్ సీలింగ్ వేయించి ఎత్తు ఎనిమిదిన్నర అడుగులకు తగ్గించుకున్నవారికి రెండూ ఒకేసారి తీరవు. అలాంటప్పుడు నేల నుంచి ఉండాల్సిన ఎత్తును తప్పకుండా పాటించి, పొట్టి రాడ్డు వాడి, గాలి కొంత తగ్గుతుందని ముందే ఒప్పుకోవాలి.

ఇక స్వీప్ నిర్ణయం. గది డెబ్బై ఐదు చదరపు అడుగుల లోపు ఉంటే 900 సరిపోతుంది. అంతకు మించి నూట నలభై చదరపు అడుగుల దాకా, లాఫ్ట్ అడ్డం లేకపోతే, 1200 మంచిది. చిన్న గది కదా చిన్న ఫ్యాను చాలు అనుకోవడం అన్నిసార్లూ సరి కాదు. పెద్ద రెక్కలు మెల్లగా తిరిగి ఇచ్చే గాలిని చిన్న రెక్కలు ఇవ్వాలంటే చాలా వేగంగా తిరగాలి, ఆ వేగంతో పాటు హోరు పెరుగుతుంది, రాత్రి నిద్రకు అది ఇబ్బంది. గాలి పడే చోటు కూడా ఇరుకవుతుంది. 900 ఫ్యాను కింద నిలబడితే గాలి బాగానే తగులుతుంది, నాలుగు అడుగులు పక్కకు జరిగితే ఒక్కసారిగా తగ్గుతుంది.

అందుకే మన పడకగదిలో మంచం ఎక్కడుందో చూసి తేల్చుకోవాలి. మంచం ఫ్యాను కిందికే వస్తే 900 పెట్టుకోండి. మంచం లాఫ్ట్‌కు ఎదురుగోడ పక్కన ఉండి తలవైపు కొక్కేనికి దూరంగా ఉంటే 900 గాలి తలకు అందదు. అప్పుడు లాఫ్ట్ అంచున ఉన్న సామాను ఒక అడుగు వెనక్కి సర్ది, రెక్కలకు ఎదురుగా ఖాళీ చేసి, 1200 పెట్టుకోవడమే మంచిది. ఫ్యాను మారిస్తే అన్నీ తీరతాయని అనుకోకుండా లాఫ్ట్ సర్దడం కూడా ఈ పనిలో భాగమని గుర్తించాలి. ఆ సామాను తీయడం కుదరని ఇల్లు అనుకుని, మంచం ఫ్యాను కిందే ఉందనుకుని, మన ఉదాహరణకు 900 ఖాయం చేద్దాం.

2. స్టార్ల కన్నా ముందు రెండు అంకెలు చదవండి

ఫ్యాను ఒక నిమిషంలో ఎన్ని ఘనపు మీటర్ల గాలిని తోస్తుందో ఆ అంకెను ఎయిర్ డెలివరీ అంటారు. పెట్టె మీద దీన్నే సీఎంఎం అని కూడా రాస్తారు. ఇది గరిష్ఠ వేగంలో కొలిచిన అంకె. రెండో అంకె అదే వేగంలో ఫ్యాను తీసుకునే వాట్లు. మొదటి అంకెను రెండో అంకెతో భాగిస్తే వచ్చేది సర్వీస్ వాల్యూ, అంటే ఒక్క వాటుకు దక్కే గాలి. కేంద్ర ప్రభుత్వ ఇంధన పొదుపు సంస్థ బీఈఈ ఇచ్చే స్టార్లు దీని మీదే ఆధారపడి ఉంటాయి. సీలింగ్ ఫ్యాన్లకు ఈ స్టారు లేబులు 2023 జనవరి 1 నుంచి తప్పనిసరి అయింది.

ఆ పద్ధతిలో 1200, అంతకు మించిన ఫ్యాన్లకు ఒక స్టారు రావాలంటే సర్వీస్ వాల్యూ కనీసం 4 ఉండాలి, ఐదు స్టార్లకు 6 ఉండాలి. 1200 కన్నా చిన్న ఫ్యాన్లకు మెట్టు వేరు: ఒక స్టారుకు 3.1, ఐదు స్టార్లకు 5.1. చిన్న గదికి కొనేవారు గుర్తుంచుకోవాల్సిన సంగతి ఇదే. 900 ఫ్యాను మీది ఐదు స్టార్లూ 1200 ఫ్యాను మీది ఐదు స్టార్లూ సమానం కావు. వేర్వేరు కొలతల ఫ్యాన్లను పోల్చేటప్పుడు స్టార్లను పక్కనపెట్టి సర్వీస్ వాల్యూనే చూడండి.

స్టార్లు చెప్పని విషయం మరొకటి ఉంది. అవి వాటుకు ఎంత గాలి వస్తుందో చెబుతాయి, మొత్తం ఎంత గాలి వస్తుందో చెప్పవు. ఒక 1200 ఫ్యాను 28 వాట్లతో 220 ఘనపు మీటర్లు తోస్తుందనుకోండి, దాని సర్వీస్ వాల్యూ 7.9 అవుతుంది. మరొకటి 35 వాట్లతో 240 తోస్తే అది 6.9. రెండూ ఐదు స్టార్లవే. మొదటిది పొదుపులో మెరుగు, రెండోది గాలిలో మెరుగు. 1200 ఫ్యానుకు 210 ఘనపు మీటర్లను కనీసంగా పెట్టుకోండి. మంచం ఫ్యాను కిందే ఉండే చిన్న గదిలో 215 నుంచి 225 వరకూ ఉన్నా చాలు. పై అంతస్తులో మధ్యాహ్నమంతా శ్లాబు వేడెక్కే గది అయితే పొదుపు కొంత వదులుకుని 235 పైన ఉన్నదాన్ని తీసుకోవడం న్యాయం.

రెక్కలు నిమిషానికి ఎన్నిసార్లు తిరుగుతాయో పెద్ద అక్షరాలతో వేసి, అదే గాలి అన్నట్టుగా చూపే పెట్టెలుంటాయి. తిరిగే వేగం ఒక్కటే గాలిని నిర్ణయించదు, రెక్క వెడల్పు, అది వంగిన కోణం కూడా లెక్కలోకి వస్తాయి. కాబట్టి ఎయిర్ డెలివరీ అంకె కనిపించని ఫ్యానును వేగం చూసి కొనకండి. ఐఎస్ 374 ప్రమాణం సంఖ్యతో ఐఎస్ఐ ముద్ర ఉందో లేదో కూడా అక్కడే చూసుకోండి. మోడలు పేరు రాసుకుని వస్తే బీఈఈ వారి స్టార్ లేబుల్ మొబైల్ యాప్‌లో దాని నమోదు వివరాలు సరిచూసుకోవచ్చు.

3. మోటారు ఏ రకమో తెలుసుకోండి

మన ఇళ్లలో ఇన్నేళ్లుగా తిరిగినవి ఇండక్షన్ మోటారు ఫ్యాన్లు. తీగచుట్టల్లో కరెంటు పుట్టించే అయస్కాంత క్షేత్రం, తిరిగే భాగంలో మళ్లీ కరెంటును పుట్టిస్తుంది, ఆ రెండో కరెంటు వల్లే ఫ్యాను తిరుగుతుంది. ఇలా రెండుచోట్ల కరెంటు ప్రవహించడంతో కొంత శక్తి వేడిగా పోతుంది. గంటసేపు తిరిగిన పాత ఫ్యానును ఆపి, మెయిన్ కట్టేసి, మోటారు గిన్నె మీద చెయ్యి పెడితే ఆ వేడి తెలుస్తుంది. బీఎల్‌డీసీ మోటారులో తిరిగే భాగానికి శాశ్వత అయస్కాంతాలు అమర్చి ఉంటాయి కాబట్టి అక్కడ కరెంటు పుట్టించాల్సిన అవసరం లేదు. లోపలి ఎలక్ట్రానిక్ బోర్డు ఇంటి కరెంటును డీసీగా మార్చి, తీగచుట్టలకు వరుస ప్రకారం అందిస్తూ తిప్పుతుంది. ఐదు స్టార్లు అందుకున్న ఫ్యాన్లు దాదాపు అన్నీ ఈ రకానివే.

తేడా నెమ్మది వేగంలో ఇంకా బాగా తెలుస్తుంది. చిన్న గదిలో చలికాలం, వానాకాలం రాత్రుల్లో ఫ్యానును రెండు, మూడు నంబర్ల మీదే ఉంచుతాం. పాత పెద్ద డబ్బా రెగ్యులేటరుతో ఇండక్షన్ ఫ్యాను వేగం తగ్గిస్తే, తగ్గిన కరెంటులో కొంత రెగ్యులేటరులోనే వేడిగా పోతుంది. ఎలక్ట్రానిక్ రెగ్యులేటరు ఆ నష్టాన్ని తగ్గిస్తుంది గానీ మోటారు లోపలి నష్టం అలాగే ఉంటుంది. బీఎల్‌డీసీ ఫ్యాను మధ్య వేగంలో తీసుకునేది పది వాట్ల చుట్టుపక్కలే. వోల్టేజి పడిపోయే ఊళ్లలో ఇంకో లాభం ఉంది: వేసవి సాయంత్రాల్లో ఇండక్షన్ ఫ్యాను నీరసపడుతుంది, బీఎల్‌డీసీ ఫ్యాను పెట్టె మీద రాసిన వోల్టేజి హద్దుల్లో ఒకే వేగంతో తిరుగుతుంది. ఇన్వర్టరు మీద ఇండక్షన్ ఫ్యాను చేసే గుర్ర్ శబ్దం కూడా దీనికి ఉండదు.

అయితే బాగుచేయించే దగ్గర పరిస్థితి తిరగబడుతుంది. ఇండక్షన్ ఫ్యాను నీరసపడితే చాలాసార్లు కండెన్సరు మారిస్తే చాలు, అది వంద రూపాయల లోపు వస్తువు, ఏ ఊళ్లోనైనా దొరుకుతుంది. తీగచుట్ట కాలిపోతే వైండింగు చేసేవారు వీధికొకరు ఉంటారు. బీఎల్‌డీసీ ఫ్యాను ఆగిపోతే తప్పు ఎక్కువగా బోర్డులో ఉంటుంది. ఆ బోర్డు ఆ కంపెనీదే, చాలావరకు ఆ మోడలుదే కావాలి. పిడుగులు పడే రోజుల్లో, న్యూట్రల్ వదులై వోల్టేజి ఎగిసిన రోజుల్లో మొదట పోయేది అదే. కాబట్టి ఎర్తింగు సరిగా లేని, వైరింగు పాతబడిన ఇంట్లో ముందు ఆ రెండూ చూపించి తర్వాతే బీఎల్‌డీసీ పెట్టండి.

4. ఎన్ని గంటలు తిరుగుతుందో లెక్క వేయండి

బీఎల్‌డీసీ అమ్మేవారు సాధారణంగా 75 వాట్ల ఫ్యానుతో పోల్చి, కరెంటు సగానికి పైగా మిగులుతుందని చెబుతారు. ఇంట్లో ఉన్న పాత ఫ్యాను తీసేసి కొత్తది పెట్టేవారికి ఆ మాట నిజం. కొత్తింటికి కొత్త ఫ్యాను కొనేవారికి అది వర్తించదు. ఎందుకంటే ఇప్పుడు దుకాణంలో ఉన్న ఒక స్టారు 1200 ఫ్యాను 210 ఘనపు మీటర్లకు 52 వాట్లు మించి తీసుకుంటే దానికి ఆ ఒక్క స్టారు కూడా దక్కదు. అంటే పోటీ 75కూ 28కీ మధ్య కాదు, 52కూ 28కీ మధ్య. 900లో తేడా ఇంకా చిన్నది.

మన పడకగదికి రెండు 900 ఫ్యాన్లు ఎదురుగా పెట్టుకుందాం. అంకెలు ఉదాహరణకే, మీరు మీ లేబులు మీది అంకెలు వేసుకోండి. మొదటిది ఇండక్షన్, 145 ఘనపు మీటర్లు, 46 వాట్లు. భాగిస్తే 3.15 వస్తుంది, అంటే ఒక స్టారు. రెండోది బీఎల్‌డీసీ, 150 ఘనపు మీటర్లు, 28 వాట్లు. భాగిస్తే 5.36, అంటే ఐదు స్టార్లు. ఫ్యాను రోజుకు పన్నెండు గంటల చొప్పున ఏడాదిలో 300 రోజులు తిరిగితే 3,600 గంటలు. వాట్లలో తేడా 18 కాబట్టి 18 ను 3,600తో గుణించి 1,000తో భాగిస్తే ఏడాదికి సుమారు 65 యూనిట్లు మిగులుతాయి.

దాన్ని రూపాయల్లోకి మార్చేటప్పుడు బిల్లు మొత్తాన్ని యూనిట్లతో భాగించి సగటు ధర తీయకండి. మన డిస్కంలు శ్లాబుల ప్రకారం వసూలు చేస్తాయి, మీరు మిగిల్చే యూనిట్లు మీ చివరి శ్లాబులోంచే తగ్గుతాయి. కాబట్టి బిల్లులో చివరి శ్లాబు ధర ఎంతో చూడండి. అది ఐదు రూపాయలైతే ఏడాదికి 325 రూపాయలు, ఎనిమిదైతే 520 రూపాయలు మిగులుతాయి. రెండు ఫ్యాన్ల ధరల్లో తేడా వెయ్యి రూపాయలైతే ఎక్కువ పెట్టిన డబ్బు మొదటి సందర్భంలో మూడేళ్లకు కాస్త పైన, రెండో సందర్భంలో రెండేళ్లకు తిరిగి వస్తుంది.

ఇప్పుడు పాత 75 వాట్ల ఫ్యానుతో పోల్చండి. తేడా 47 వాట్లు, ఏడాదికి 169 యూనిట్లు, ఎనిమిది రూపాయల శ్లాబులో 1,350 రూపాయలకు పైన. పాత ఫ్యాను ఇంకా తిరుగుతోంది కదా అని ఉంచుకోవడం, అది ఎక్కువ గంటలు తిరిగే గదిలో అయితే, ఖరీదైన వ్యవహారమే. తెలంగాణలో గృహజ్యోతి కింద 200 యూనిట్ల లోపు వాడకానికి సున్నా బిల్లు అందుకుంటూ, వేసవిలో ఆ హద్దు దాటిపోతున్న ఇంటికి ఇది ఇంకా ముఖ్యం. పైన లెక్క ప్రకారం ఒక్క పాత ఫ్యాను మారిస్తే నెలకు దాదాపు 17 యూనిట్లు తగ్గుతాయి, హద్దుకు కాస్త పైన ఉన్నవారు లోపలికి రావడానికి కొన్నిసార్లు అది చాలు.

అదే లెక్క దేవుడి గదికో వంటింటికో వేయండి. రోజుకు గంట తిరిగే చోట 18 వాట్ల తేడా ఏడాదికి ఆరున్నర యూనిట్లే, డబ్బు లెక్కన యాభై రూపాయలు. అక్కడ బీఎల్‌డీసీకి పెట్టిన అదనపు డబ్బు ఆ ఫ్యాను జీవితకాలంలో తిరిగి రాదు. ఇంట్లో అన్ని గదులకూ ఒకే మోడలు కొనేయడం చూడ్డానికి బాగుంటుంది గానీ, నా సలహా అది కాదు. పడకగదికి, పిల్లలు చదువుకునే గదికి బీఎల్‌డీసీ తీసుకుని, గంట రెండు గంటలు వాడే గదులకు మంచి ఒక స్టారు ఇండక్షన్ ఫ్యానుతో సరిపెట్టుకోండి.

5. ఇప్పుడు బ్రాండు

బీఎల్‌డీసీ కావాలని తేలితే మార్కెట్లో రెండు తరహాల కంపెనీలు కనిపిస్తాయి. ఆటంబర్గ్, కోయంబత్తూరులో తయారయ్యే సూపర్‌ఫ్యాన్ వంటివి ఈ మోటారుతోనే పేరు తెచ్చుకున్నాయి. క్రాంప్టన్, ఓరియంట్, ఉషా, హావెల్స్, బజాజ్ వంటి పాత కంపెనీలు ఇండక్షన్ ఫ్యాన్లతో పాటు బీఎల్‌డీసీ వరుసలు కూడా అమ్ముతున్నాయి. 1200 కొలతలో ఆటంబర్గ్ రెనెసాను 28 వాట్లదిగా, క్రాంప్టన్ ఎనర్జియాన్‌ను 35 వాట్లదిగా అమ్ముతూ వచ్చారు. ఈ ఏడు వాట్ల తేడా రోజుకు పన్నెండు గంటల వాడకంలో ఏడాదికి పాతిక యూనిట్లు. అది పట్టించుకోదగిన తేడానే గానీ, దాని కోసమే మీ ఊళ్లో సర్వీసు లేని బ్రాండును ఎంచుకోవాల్సినంత తేడా కాదు. కంపెనీలు అదే పేరు మీద అంకెలు మార్చి కొత్త రకాలు తెస్తుంటాయి కాబట్టి, కొనే రోజు పెట్టె మీదున్న అంకెలనే నమ్మండి.

చిన్న గదికి కొనేవారు ఇంకో సంగతి అడిగి తెలుసుకోవాలి. చాలా బీఎల్‌డీసీ మోడళ్లు 1200లో విరివిగా దొరుకుతాయి, 900, 1050 కొలతల్లో తక్కువగా దొరుకుతాయి. దుకాణదారుడు చేతిలో ఉన్న 1200నే సర్దుకోమంటే ఒకటో మెట్టులో టేపుతో కొలిచింది గుర్తు చేసుకోండి. అలాగే 900 పెట్టె మీద 1200 మోడలు అంకెలు ఊహించుకోకండి, ఒకే పేరున్నా రెండింటి గాలి వేరు, వాట్లు వేరు.

మిగిలిన రెండు మూడు పేర్లలో ఒకటి తేల్చేది సర్వీసే. దుకాణంలో మూడు ప్రశ్నలు అడగండి: వారంటీ ఎన్నేళ్లు, అందులో బోర్డు కూడా ఉందా, వారంటీ అయిపోయాక బోర్డు ధర ఎంత. కొన్ని కంపెనీలు ఫ్యానును కొన్నాక నమోదు చేసుకుంటేనే అదనపు ఏళ్లు ఇస్తాయి కాబట్టి ఆ షరతు బిల్లు తీసుకునేటప్పుడే చదవండి. బోర్డు ధర ఫ్యాను ధరలో సగం ఉందని తేలితే, వారంటీ ఎక్కువ ఏళ్లున్న ఇంకో బ్రాండుకు మూడొందలు ఎక్కువైనా పెట్టవచ్చు. సర్వీసు మనిషి మీ ఊరికే వస్తాడా, ఫ్యాను దించి జిల్లా కేంద్రానికి మీరే మోసుకెళ్లాలా అన్నది కూడా అడగండి. మండల కేంద్రాల్లో, పల్లెల్లో ఉండేవారికి ఈ ఒక్క జవాబే బ్రాండును నిర్ణయించవచ్చు.

రిమోటు సంగతి ఇంట్లో పెద్దవాళ్లను అడిగి తేల్చండి. బీఎల్‌డీసీ ఫ్యానుకు పాత రెగ్యులేటరు కలిపి నడపకూడదు, దాన్ని తీసేసి నేరుగా స్విచ్చికి కలపాలి. అలా కలపకపోతే బోర్డు చెడిపోయే ప్రమాదం ఉంది, వారంటీ కూడా చెల్లకపోవచ్చు. చీకట్లో రిమోటు వెతుక్కోవడం ఇబ్బంది అనుకుంటే, గోడ రెగ్యులేటరుతో పనిచేసేలా తయారుచేసిన బీఎల్‌డీసీ మోడళ్లు కూడా ఉన్నాయి, వాటినే అడగండి. స్విచ్చి వేసి తీసి వేగం మార్చుకునే ఏర్పాటు ఉన్నవి కూడా దొరుకుతాయి, అది రిమోటు పోయిన రోజున పనికొస్తుంది.

6. బిగించాక మీటరుతో సరిచూడండి

బిగించేటప్పుడు మూడు రెక్కలూ అదే పెట్టెలోవి అయ్యుండాలి, ఎందుకంటే వాటిని బరువు సరిచూసి జత కడతారు. పక్క ఫ్యాను రెక్క కలిపితే ఊగుడు మొదలవుతుంది. లాఫ్ట్ పక్కన ఊగే ఫ్యాను ప్రమాదం కూడా. మొదట మూడో వేగంలో పది నిమిషాలు నడిపి చూడండి. రెక్కలు ఊగుతుంటే స్క్రూలు, రెక్కల వంపు చూపించండి. ఊగకుండానే గొణుగుడు వస్తుంటే పాత రెగ్యులేటరు తీశారో లేదో చూడండి.

తర్వాత వాట్లు. ఇంటి డిజిటల్ మీటరు మీద ఒక ఎర్ర దీపం మినుకుమంటూ ఉంటుంది, దాని పక్కన 3200 imp/kWh వంటి అంకె రాసి ఉంటుంది. ఒక యూనిటుకు దీపం 3,200 సార్లు మినుకుతుందని దాని అర్థం. ఇంట్లో ఫ్రిజ్, రౌటరు, చార్జర్లు సహా అన్నీ ఆపి, దీపం మినుకుమనడం పూర్తిగా ఆగిందని చూసుకుని, ఒక్క ఫ్యానును గరిష్ఠ వేగంలో వేయండి. రెక్కలు వేగం అందుకున్నాక ఒక మినుకుకూ తర్వాతి మినుకుకూ మధ్య ఎన్ని సెకన్లో ఫోనులో కొలవండి. ఆపైన లెక్క ఇది:

వాట్లు = 36,00,000 ÷ (మీటరు మీది అంకె × సెకన్లు)

3200 మీటరుకు 40 సెకన్లు వస్తే 28 వాట్లు. 22 సెకన్లు వస్తే 51 వాట్లు. 15 సెకన్లే వస్తే 75 వాట్లు, అది మీ పాత ఫ్యాను లెక్క. ఒక్క మినుకుతో ఆగకుండా ఐదు విరామాలు కొలిచి సగటు తీయండి, వోల్టేజి ఎగుడుదిగుడు వల్ల రెండు మూడు వాట్ల తేడా రావడం సహజం. 28 అని రాసిన ఫ్యాను 40 చూపిస్తే ముందు ఇంట్లో ఇంకేదో నడుస్తూ ఉండిపోయిందేమో చూడండి, చాలాసార్లు టీవీ పెట్టె గానీ ఇన్వర్టరు చార్జింగు గానీ అయ్యుంటుంది. వాటిని కూడా ఆపాక అదే వస్తుంటే, బిల్లు, సెకన్ల లెక్క, మీటరు ఫొటో తీసుకుని వారంటీ కింద ఫిర్యాదు పెట్టండి. దుకాణం మార్చి ఇచ్చే గడువు కొద్ది రోజులే ఉంటుంది కాబట్టి, ఈ పరీక్షను ఫ్యాను బిగించిన రోజునే చేయండి.